మూడు హెడర్లు, ఏడు కేస్ ఫ్యాన్లు: స్ప్లిటర్ చాలా, హబ్ కావాలా?

బెజవాడ బిల్డర్
మా బోర్డులో ఫ్యాన్ హెడర్లు మూడే: CPU_FAN, SYS_FAN1, SYS_FAN2. మొదటిది కూలర్ ఫ్యాన్‌కే పోయింది. కేసులో ముందు మూడు ఫ్యాన్లు మూడు పిన్నులవి, స్టిక్కర్ మీద 0.30 ఆంపియర్ అని ఉంది. పైన మూడు, వెనక ఒకటి నేను కొన్నవి, నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం, ఒక్కోటి 0.18. హెడర్‌కి 1 ఆంపియర్ దాటొద్దని మాన్యువల్‌లో ఉంది. ముందున్న మూడింటికీ సాటా పవర్ హబ్ కొందామనుకుంటున్నా. సరేనా?

గోదారి గేమర్
హబ్ దేనికి బ్రో? ముందువి మూడూ కలిపి 0.90, మిగతా నాలుగూ 0.72. రెండు స్ప్లిటర్లు కొను, పని అయిపోతుంది.

పాత సోల్డర్
0.72 సంగతి ఓకే, నేనైనా స్ప్లిటరే పెడతాను. 0.90 దగ్గరే నాకు అనుమానం. మోటారు ఆగి ఉన్న స్థితి నుంచి కదిలేటప్పుడు మామూలు కన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది, మూడూ ఒకేసారి మొదలవుతాయి. హెడర్‌కి నేను 0.8 దాటనివ్వను.

అయితే ఆ మూడింటినీ హబ్‌కి పెట్టొద్దు. సాటా హబ్ 12 వోల్టులు నేరుగా పీఎస్‌యూ నుంచి తీసుకుంటుంది, బోర్డు నుంచి వేగం సిగ్నల్ మాత్రమే తీసుకుంటుంది. ఆ సిగ్నల్ వెళ్లేది నాలుగో పిన్ను మీద. మూడు పిన్నుల ఫ్యాన్‌కి అది లేదు, వోల్టేజీ తగ్గితేనే దాని వేగం తగ్గుతుంది. మామూలు హబ్ వోల్టేజీ తగ్గించదు కాబట్టి ఆ మూడూ ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతాయి.

నల్లగొండ నైట్స్
నా ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ లైట్లు వెలగట్లేదు. అదీ హెడర్ లోడ్ వల్లేనా?

పాత సోల్డర్
కాదండి, లైట్లది వేరే వైరు. ఏఆర్‌జీబీ అయితే 5 వోల్టుల మూడు పిన్నుల హెడర్‌కి పెట్టాలి. 12 వోల్టుల ఆర్‌జీబీ హెడర్‌కి గుచ్చితే ఎల్ఈడీలు కాలిపోతాయి. వివరాలతో వేరే చర్చ పెట్టండి, చూస్తాను.

బెజవాడ బిల్డర్
అయితే ఎలా కలపమంటారు అన్నా?

పాత సోల్డర్
తలకిందులు చెయ్యి. హబ్‌కి పీడబ్ల్యూఎం నాలుగూ ఇవ్వు. ముందువాటిలో రెండు స్ప్లిటర్‌తో SYS_FAN1కి, అంటే 0.60. మూడోది SYS_FAN2కి. హబ్‌కి సిగ్నల్ CPU_FAN నుంచి తీసుకో. అక్కడ చిన్న స్ప్లిటర్ పెడితే ఒక కొసకి నాలుగు పిన్నులూ ఉంటాయి, రెండో కొసకి ఆర్‌పీఎం పిన్ను ఉండదు. మొదటిది కూలర్ ఫ్యాన్‌కి, రెండోది హబ్‌కి. హబ్ బోర్డు నుంచి కరెంటు లాగదు కాబట్టి CPU_FAN మీద లోడ్ కూలర్ ఫ్యాన్‌దొక్కటే. కొసలు తారుమారైతే కూలర్ వేగం బోర్డుకి కనిపించదు, ఆన్ చెయ్యగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ వస్తుంది.

బయోస్‌లో CPU_FANని PWM మోడ్‌లో, మిగతా రెండింటినీ DC మోడ్‌లో పెట్టు. Autoలో వదలకు, కొన్ని బోర్డులు తప్పుగా గుర్తిస్తాయి. తర్వాత వేగం 100 నుంచి 50 శాతానికి దించి చెవి పెట్టి విను. ఏ ఫ్యాన్ జోరు తగ్గకపోతే దాని మోడ్ తప్పు, లేదా కనెక్టర్ సరిగా కూర్చోలేదు. మూడు పిన్నులవాటిని మరీ కిందికి దించితే ఆన్ చేసినప్పుడు కదలకుండా ఉండిపోవచ్చు. అలా జరిగితే కనీస వేగం కొంచెం పెంచు.

గోదారి గేమర్
స్టిక్కర్ మీది అంకె గరిష్ఠమే కదా? స్టార్టింగ్ కరెంటు అందులోనే కలిసి ఉంటుంది. మా తమ్ముడి సిస్టంలో 0.90తోనే నడుస్తోంది, ఏమీ కాలేదు.

పాత సోల్డర్
కొన్ని కంపెనీలు గరిష్ఠం వేస్తాయి, కొన్ని మామూలుగా తిరిగేటప్పటిది వేస్తాయి. స్టిక్కర్ చూసి ఏదో చెప్పలేం. హెడర్ పోతే చాలా బోర్డుల్లో మార్చుకోవడం మన చేతిలో ఉండదు, అందుకే జాగ్రత్త.

సిలికాన్ సీత
ఒకటి చెప్పాలి. హబ్‌కి సాటా కొస మిగల్లేదని మోలెక్స్ నుంచి సాటా మార్చే చవక అడాప్టర్ తెచ్చుకోకండి. లోపల వైర్లు అచ్చుపోసిన ప్లాస్టిక్‌లో ఇరుక్కుని ఉండే రకం షార్ట్ అయి కరిగిన ఘటనలు చాలా ఉన్నాయి. పీఎస్‌యూతో వచ్చిన కేబుల్‌లోనే ఖాళీ కొస చూసుకోండి.

పైన చెప్పిన పద్ధతిలో నాకు ఒక చిక్కు కనిపిస్తోంది. పైనవీ వెనకదీ సీపీయూ వేడిని బట్టి తిరుగుతాయి. గేమ్ ఆడేటప్పుడు వేడెక్కేది గ్రాఫిక్స్ కార్డు. సీపీయూ చల్లగా ఉంటే ఆ నాలుగూ నెమ్మదిగానే ఉంటాయి.

పాత సోల్డర్
నిజమే. ముందు మూడింటినీ కాస్త జోరుగా ఉంచితే కొంత నయం, పూర్తిగా తీరదు.

బెజవాడ బిల్డర్
అయితే ముందువి తీసేసి పీడబ్ల్యూఎంవి కొంటే? ఏడూ హబ్‌కి పెట్టి, సిగ్నల్ SYS_FAN1 నుంచి తీసుకోవచ్చు కదా.

సిలికాన్ సీత
అదే శుభ్రమైన దారి. కానీ ఏడూ ఒకే వేగంతో తిరుగుతాయి, ముందు వెనకలు విడిగా సర్దలేవు. హబ్ కొనేముందు దాని సిగ్నల్ వైరు ఎంత పొడవో చూసుకో. వెనక ట్రే నుంచి SYS_FAN1 దాకా అందకపోతే మళ్లీ ఎక్స్‌టెన్షన్ కొనాల్సి వస్తుంది.