ఎక్స్‌ట్రూషన్‌ను మిగతా రెండు పద్ధతులతో ఏ ప్రాతిపదికన పోల్చాలి?

స్ప్రే డ్రయింగ్, ఫ్రీజ్ డ్రయింగ్, ఎక్స్‌ట్రూషన్‌లను శక్తి వినియోగం దృష్ట్యా పోల్చమనే 10 మార్కుల ప్రశ్న దగ్గర నేను రెండుసార్లు ఆగిపోయాను.

మొదట, తొలగించిన ప్రతి కిలో నీటికి ఎంత శక్తి కావాలో లెక్క వేశాను. ఆవిరి చేయడానికి సుమారు 2257 కిలోజౌళ్లు, మంచును నేరుగా ఆవిరిగా మార్చడానికి సుమారు 2840 కిలోజౌళ్లు వచ్చాయి. తేడా పావు వంతే అయినా ఫ్రీజ్ డ్రయింగ్ ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండడానికి ముందుగా గడ్డకట్టించడం, వాక్యూమ్, కండెన్సర్ శీతలీకరణ, గంటల తరబడి పట్టే సమయం కారణమని తరువాత అర్థమైంది.

చిక్కంతా ఎక్స్‌ట్రూషన్‌తోనే. 20 శాతం తేమ గల 100 కిలోల పిండి 10 శాతం తేమతో బయటికి వస్తే పోయే నీరు 11.1 కిలోలే. స్క్రూ కిలో పిండికి 0.1 యూనిట్, అంటే 360 కిలోజౌళ్లు, ఇస్తుందనుకుంటే కిలో నీటికి 3240 కిలోజౌళ్లు వస్తుంది. ఈ లెక్కన అది ఫ్రీజ్ డ్రయింగ్‌కు పైన వచ్చిన 2840 కన్నా ఎక్కువగా కనిపిస్తుంది, కానీ ఆ శక్తిలో చాలా భాగం పిండిపదార్థాన్ని ఉడికించడానికే పోతుంది కదా. కిలో ఉత్పత్తికి లెక్కిస్తే, చాలా ఎక్కువ నీరున్న పదార్థంతో మొదలయ్యే మిగతా రెండింటికి అన్యాయం జరుగుతుంది.

ఇలాంటి జవాబులో మూడింటికీ ఏ ఒక్క ప్రాతిపదికను ఎంచుకోవాలి?