అడ్రస్ నిజమైనదే అయినప్పుడు కరెంటు బిల్లు మీద పేరు మార్చుకుంటే తప్పా?

సిక్కోలు కుర్రవాడు (ప్రశ్న):
నేను కొండాపూర్‌లో అద్దెకు ఉంటున్నాను. ఆధార్‌లో ఇంకా మా ఊరి చిరునామానే ఉంది. క్రెడిట్ కార్డు కోసం బ్యాంకువారు ఇక్కడి అడ్రస్ ప్రూఫ్ అడిగారు. కరెంటు బిల్లు ఓనరు గారి పేరున ఉంది, ఆయన అగ్రిమెంటు రాయనంటున్నారు. జిరాక్స్ షాపతను అదే బిల్లు మీద నా పేరు వేసి ఇస్తానన్నాడు. నేను ఆ ఇంట్లోనే ఉంటున్నాను కదా, ఇందులో మోసం ఏముంది?

మాదాపూర్ మాధవ్:
అందరూ ఈ అబ్బాయి మీద విరుచుకుపడక ముందే నా మాట చెబుతాను. లేని ఇంటి చిరునామా ఇచ్చి అప్పు ఎగ్గొట్టేవాడినీ, ఉన్న ఇంటికే కాగితం పుట్టించుకునేవాడినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అద్దెకున్నవాడి పేరున కరెంటు మీటరు ఎక్కడైనా ఉంటుందా? ఓనర్లేమో అద్దె లెక్కలోకి వస్తుందన్న భయంతో అగ్రిమెంటు రాయరు. హెచ్‌ఆర్‌ఏ కోసం ఏడాదికి లక్ష రూపాయలు దాటి అద్దె చూపిస్తే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి కాబట్టి, ఆ మాట ఎత్తితేనే ముఖం తిప్పుకుంటారు. దొరకని కాగితాన్ని అడిగే పద్ధతిని వదిలేసి, దాన్ని ఎలాగో తెచ్చుకున్నవాడిని దొంగ అనడం నాకు నచ్చదు.

విశ్రాంత బ్యాంకరు:
మాధవ్ గారూ, పద్ధతిలో లోపం ఉందన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే దొరకని కాగితాన్ని అడుగుతున్నారన్నది మాత్రం సగమే నిజం, ఆ మిగతా సగమే ఈ అబ్బాయికి పనికొచ్చేది.

బ్యాంకులు పాటించవలసిన కేవైసీ నిబంధనలను రిజర్వు బ్యాంకు 2016లో ఒకచోట చేర్చి ఇచ్చింది, తరువాత ఎన్నోసార్లు సవరించింది. అందులో గుర్తింపుకూ చిరునామాకూ కలిపి చెల్లే పత్రాలు కొన్నే ఉన్నాయి: పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టరు వారి లేఖ. వీటిలో ప్రస్తుత చిరునామా లేనప్పుడే కరెంటు బిల్లు, నీటి బిల్లు, పైపు గ్యాస్ బిల్లు, టెలిఫోన్ లేదా పోస్ట్‌పెయిడ్ మొబైల్ బిల్లు వంటివి తాత్కాలికంగా పనికివస్తాయి. ఆ బిల్లు రెండు నెలలకు మించి పాతది కాకూడదు, పైగా మూడు నెలల్లోగా కొత్త చిరునామాతో ఉన్న అసలు పత్రం తెచ్చి ఇవ్వాలి. అంటే, బాబూ, నువ్వు ఆ షాపులో బిల్లు చేయించుకున్నా దానితో నీ పని పూర్తికాదు. మూడు నెలల తరువాత అదే కౌంటరు ముందు మళ్ళీ నిలబడవలసిందే, అప్పటికి నీ ఫైలులో ఒక దొంగ కాగితం కూర్చుని ఉంటుంది.

ఇక చాలామంది కౌంటరు సిబ్బందికే తెలియని సంగతి ఒకటుంది. ఖాతాదారుడు తనంతట తాను ఆధార్ నంబరు ఇచ్చి, వేలిముద్రతోనో ఓటీపీతోనో ఈ-కేవైసీ చేయించుకున్నప్పుడు, ఆధార్‌లో ఉన్న చిరునామా కాక వేరే చోట ఉంటున్నానని స్వీయ ధ్రువీకరణ రాసి ఇవ్వవచ్చునని అవే నిబంధనలు చెబుతున్నాయి. ఆధార్ జిరాక్స్ మాత్రమే ఇస్తే ఈ వెసులుబాటు వర్తించదు, అప్పుడు పైన చెప్పిన బిల్లుల దారి పట్టాలి. ఇప్పటికే ఖాతా ఉండి కేవలం చిరునామా మారిందంటే 2023 జనవరిలో ఇచ్చిన స్పష్టీకరణ ఉంది: కొత్త చిరునామాను మనం తెలియజేస్తాం, దాన్ని రెండు నెలల్లోగా సరిచూసుకోవడం బ్యాంకు పని. ఆ ఇంటికి ఉత్తరం పంపిస్తారు, లేదా మనిషిని పంపిస్తారు. నువ్వు నిజంగా ఆ ఇంట్లో ఉంటున్నావు కనుక నీకు ఇంతకన్నా అనుకూలమైన పరీక్ష మరొకటి ఉండదు.

మియాపూర్ ఇంటాయన:
ఓనర్ల తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. మా ఇంట్లో ఒకాయన అద్దెకుండి ఖాళీ చేసి వెళ్లిన చాలా కాలానికి, ఒక ఆర్థిక సంస్థ వసూలు మనుషులు మా గేటు దగ్గరకు వచ్చారు. వాళ్ళ చేతిలో ఉన్న కరెంటు బిల్లు నకలు మీద సర్వీసు నంబరు మాది, మీటరు రీడింగు మాది, పేరు మాత్రం ఆయనది. ఇల్లు ఆయనదే అన్నట్టు వాళ్ళు నాతో వాదించారు. ఆ నంబరు నాదేనని రుజువు చేసుకోవడానికి పన్ను రసీదులు పట్టుకుని నేను తిరగవలసి వచ్చింది. ఉన్న ఇంటికే కాగితం పుట్టించుకున్నాడు, ఎవరికి నష్టం అని మాధవ్ గారు అడగవచ్చు. నష్టం ఎవరికి జరిగిందో మా వీధిలో అందరూ చూశారు.

మాదాపూర్ మాధవ్:
అయ్యా, మీకు జరిగింది అన్యాయమే. కానీ మీరు ఆయనకు అగ్రిమెంటు రాసిచ్చారా? మీరు రాయలేదు, ఆయన దొంగదారి పట్టాడు. రెండో తప్పు గురించే మాట్లాడుతూ మొదటి దాన్ని వదిలేస్తున్నారు.

మియాపూర్ ఇంటాయన:
రాసిచ్చానండీ. పదకొండు నెలలకు నోటరీ కూడా చేయించాం.

నల్లకుంట నరేష్:
అయితే ఆ నోటరీ అగ్రిమెంటే బ్యాంకుకు ఇస్తే సరిపోయేది కదా. నేను ఎక్కడికి వెళ్లినా అదే ఇస్తాను. పైగా ఈ అబ్బాయి రూమ్మేట్‌కు ఇక్కడి అడ్రస్‌తో ఆధార్ ఉంటే, ఆయన్ని కుటుంబ పెద్దగా చూపించి ఆన్‌లైన్‌లో అడ్రస్ మార్చుకోవచ్చు.

విశ్రాంత బ్యాంకరు:
రెండింటిలోనూ చిన్న మెలిక ఉంది. అద్దె అగ్రిమెంటు పేరు నేను చెప్పిన ఆ జాబితాలో లేదు. పెద్ద కంపెనీలూ ప్రభుత్వ శాఖలూ తమ ఉద్యోగికి ఇల్లు కేటాయిస్తూ ఇచ్చే లేఖ, ఆ యజమానితో కుదుర్చుకున్న లైసెన్సు ఒప్పందం మాత్రమే ఉన్నాయి. ఓనరు బిల్లూ అగ్రిమెంటూ కలిపి తీసుకునే శాఖలు ఉన్నాయి, అది వారి సౌలభ్యమే తప్ప మన హక్కు కాదు. కుటుంబ పెద్ద ద్వారా చిరునామా మార్చే ఏర్పాటును ఆధార్ సంస్థ 2023లో తెచ్చిన మాట నిజమే. అయితే ఆ ఇద్దరి మధ్య తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు వంటి బంధుత్వం ఉండాలి. రూమ్మేట్‌ను బంధువుగా చూపిస్తే మళ్ళీ అబద్ధమే అవుతుంది.

బంధువులెవరూ లేనివారికి ఆధార్ సంస్థే ఇచ్చిన నమూనా ధ్రువపత్రం ఒకటుంది. దానిపై గెజిటెడ్ అధికారో ఎమ్మెల్యేనో ఫోటో మీదుగా సంతకం, ముద్ర వేస్తే మూడు నెలలపాటు చెల్లుతుంది. ఎమ్మెల్యే ఆఫీసు ముందు నిలబడటం కష్టమే, కాదనను.

గుంటూరు రమ్య:
మా తమ్ముడు లండన్ వెళ్లినప్పుడు కూడా ఇదే గొడవ. బ్యాంకు ఖాతాకు అడ్రస్ కావాలన్నారు, అప్పటికి వాడి పేరున ఏ బిల్లూ లేదు. అక్కడున్న మనవాళ్ళే ఒకరు బిల్లు చేయించి ఇస్తామన్నారట. వాడు యూనివర్సిటీకి వెళ్లి అడిగితే బ్యాంకు పేరున ఉత్తరం ఇచ్చారు, దానితో ఖాతా తెరిచారు. అక్కడ దొంగ పత్రం పట్టుబడితే మోసాల నమోదు పట్టికలో ఆరేళ్ల దాకా పేరు ఉండిపోవచ్చునట, ఆ తరువాత ఏ బ్యాంకు గుమ్మం తొక్కినా కష్టమే. మన దగ్గర కూడా ఆఫీసు వాళ్ళు అలాంటి ఉత్తరం ఇవ్వరా?

తెనాలి వకీలు:
ఇస్తారమ్మా, కానీ బ్యాంకరు గారు చెప్పినట్టు, కంపెనీయే ఇల్లు ఇచ్చినప్పుడు రాసే ఉత్తరానికి ఉన్న విలువ మామూలు ఉద్యోగ ధ్రువపత్రానికి లేదు.

చట్టం సంగతి కూడా చూద్దాం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఫోర్జరీకి సెక్షన్ 336, ఫోర్జరీ పత్రాన్ని అసలుదని వాడినందుకు సెక్షన్ 340 ఉన్నాయి. షాపతను తయారు చేస్తాడు, నువ్వు వాడతావు, ఇద్దరూ దొరుకుతారు. ఇక అడ్రస్ నిజమే కదా అన్న వాదన. ఎవరికో నష్టం చేయాలన్న ఉద్దేశం ఉంటేనే ఫోర్జరీ అని చాలామంది అనుకుంటారు. నిర్వచనంలో అది ఒక్కటే లేదు. ఏదైనా హక్కును సమర్థించుకోవడానికి, ఎదుటివారితో ఒప్పందం చేయించుకోవడానికి తప్పుడు పత్రం సృష్టించినా అందులోకే వస్తుంది. క్రెడిట్ కార్డు ఒప్పందమే కదా. ఆ బిల్లు చెబుతున్నది నువ్వు ఆ ఇంట్లో ఉంటున్నావన్న ఒక్క మాటే కాదు, విద్యుత్ సంస్థ ఆ కనెక్షన్‌ను నీ పేరున నమోదు చేసిందని కూడా చెబుతున్నది. ఆ రెండో మాట అబద్ధం.

నల్లకుంట నరేష్:
అంటే ఏడేళ్ల జైలు ఖాయమన్నమాట!

తెనాలి వకీలు:
ఖాయమని నేను అనలేదు. మోసం చేసే ఉద్దేశంతో చేసిన ఫోర్జరీకి గరిష్ఠంగా ఏడేళ్లు, మామూలు దానికి గరిష్ఠంగా రెండేళ్లు లేదా జరిమానా లేదా రెండూ. సెక్షన్ పుస్తకంలో ఉన్న గరిష్ఠ శిక్షకూ కోర్టు వేసే శిక్షకూ మధ్య చాలా దూరం ఉంటుంది. దరఖాస్తు తిరస్కరించి ఊరుకున్న సందర్భాలూ ఉంటాయి, ఫిర్యాదు దాకా తీసుకెళ్లినవీ ఉంటాయి. అది ఆ బ్యాంకు నిర్ణయం.

సిక్కోలు కుర్రవాడు:
అసలు వాళ్ళకు ఎలా తెలుస్తుందండీ? షాపతను అచ్చం అలాగే ఉంటుందన్నాడు.

విశ్రాంత బ్యాంకరు:
కాగితం చూసి పట్టుకోవడం కాదు, బాబూ. మీటరు రీడరు యంత్రంలోంచి చింపి ఇచ్చే సన్నని చీటీ అయినా, ఆన్‌లైన్‌లో తీసిన పెద్ద కాగితమైనా రెండూ చెల్లుతాయి. చూసేది సర్వీసు నంబరు. దాన్ని విద్యుత్ సంస్థ బిల్లు చెల్లింపు పేజీలో వేస్తే కనెక్షన్ ఎవరి పేరున ఉందో తెలిసిపోతుంది. బిల్లు ఎంత అందంగా ఉన్నా వాళ్ళ రికార్డులో నీ ఓనరు గారి పేరే ఉంటుంది. కొన్ని సంస్థలు ఈ పోలికను యంత్రాలకే అప్పగించాయి.

నీకు నా సలహా ఇది. ముందుగా ఆధార్ ఈ-కేవైసీ అడిగి, ప్రస్తుత చిరునామాకు స్వీయ ధ్రువీకరణ ఇవ్వు. ఒప్పుకోకపోతే నీ సొంత పోస్ట్‌పెయిడ్ మొబైల్ బిల్లును కొండాపూర్ చిరునామాకు మార్పించుకుని, రెండు నెలలు దాటకముందే ఇవ్వు. ఈలోగా ఓటరు కార్డుకు ఫారం 8 పెట్టు. ఇల్లు మారినవారికి అదే ఫారం, బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చి చూసి వెళతారు. ఆ కార్డు వస్తే ఆ మూడు నెలల గడువు గొడవ కూడా తీరిపోతుంది.

మాదాపూర్ మాధవ్:
చూశారా, ఇక్కడే నా అభ్యంతరం. మొబైల్ బిల్లు మీద ఉన్న చిరునామా మనం చెప్పిందే కదా. మన మాటే కంపెనీ కాగితం మీద అచ్చయి వస్తే రుజువైంది, మనం నేరుగా రాసిస్తే నమ్మరు. ఈ విడ్డూరానికి మీ దగ్గర సమాధానం ఉందా?

విశ్రాంత బ్యాంకరు:
పూర్తి సమాధానం లేదండీ. ఆ బిల్లు నిజంగా ఆ కంపెనీ ఇచ్చినదే, అందులో కల్పించినదేమీ లేదు, నేను చెప్పగలిగింది అంతే. ఇంటికి వెళ్లి చూసే పరిశీలనే అసలైనదని నా అభిప్రాయం, దానికి ఖర్చవుతుందని బ్యాంకులు వెనకాడతాయి.

సిక్కోలు కుర్రవాడు:
ఈ రోజు శాఖకు వెళ్లి ఈ-కేవైసీ, స్వీయ ధ్రువీకరణ గురించి అడిగాను. కౌంటరులో ఉన్న మేడం అలాంటిదేమీ లేదు, బిల్లే కావాలన్నారు.

విశ్రాంత బ్యాంకరు:
వాదించకు. నువ్వు ఇస్తానన్నదేమిటో, ఎందుకు కుదరదన్నారో రాసి, శాఖ మేనేజరుకు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకో. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. కార్డు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టమే, అంబుడ్స్‌మన్ కూడా ఇప్పించలేరు. ఖాతాలో చిరునామా మార్పు మాత్రం వేరే విషయం కనుక, లేఖలో ముందు దాని సంగతే రాయి.