సిర్రోసిస్ ఉన్న నాన్నకి షుగర్ రీడింగ్ దేన్ని నమ్మాలి?

నమస్కారమండీ, మాది గుంటూరు. నాన్నకి లివర్ గట్టిపడే సిర్రోసిస్ జబ్బు, షుగర్ రెండూ ఉన్నాయి. రాత్రి అన్నం తిన్న రెండు గంటలకి 270 ఉంటోంది, తెల్లవారుజామున 58కి పడిపోయి దుప్పటి తడిసేలా చెమటలు. లివర్ తిన్న చక్కెరను నిల్వ చేసుకోలేక పెరుగుతుందని, ఆ నిల్వ లేకే రాత్రి పడిపోతుందని డాక్టర్ గారు చెప్పారు. అయినా మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 5.4! ప్లీహం వాచి ఎర్ర కణాలు త్వరగా చనిపోతున్నాయి కాబట్టి అది తక్కువ చూపిస్తుందట. రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా 2.4కి పడిపోయింది, అందుకని ఆ ప్రోటీన్లకు అంటిన చక్కెరను బట్టి రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమిన్ టెస్టునీ నమ్మలేమన్నారు.

మత్తుగా పడుకుంటే షుగర్ తగ్గిందో, లివర్ వల్లనో తెలియక ముందు గ్లూకోమీటరే పెడుతున్నాం. మీ ఇంట్లో ఇలాంటివాళ్లుంటే ఏ వేళల్లో చూస్తున్నారు? చేతికి అతికించే సెన్సర్ రాత్రిపూట పనికొచ్చిందా? పడుకునే ముందు ఏం పెడుతున్నారు? దయచేసి చెప్పండి.