నాలుగు నెలల పాప: గడియారం చూసి పడుకోబెట్టాలా, మొహం చూసా?

సత్తెనపల్లి కోడలు:
పాపకి నాలుగు నెలల పది రోజులు. ప్రస్తుతం పుట్టింట్లో ఉన్నాను. మా ఆయన ఫోన్‌లో, ఏ వయసు బిడ్డ ఒక్కసారికి ఎంతసేపు మెలకువగా ఉండాలో చెప్పే వేక్ విండో చార్టు పెట్టుకుని "గంటన్నర అయింది, పడుకోబెట్టు" అంటారు. మా అమ్మేమో "ఆవులించని బిడ్డ ఎట్లా పడుకుంటుందే" అంటుంది. పగలు ఎలాగో నెట్టుకొస్తున్నాం. సాయంత్రం ఆరున్నర నుంచి మాత్రం గుక్కపెట్టి ఏడుపు. ఎనిమిదింటికి సొమ్మసిల్లినట్టు పడుకుని, నలభై నిమిషాలకే లేచి మళ్ళీ ఏడుస్తుంది. ఇంతకీ గడియారం చూడాలా, పాప మొహం చూడాలా?

చార్టు నాన్న:
గడియారమేనండీ, అనుమానమే వద్దు. ఆవులింత వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగిపోతుంది, ఇక బిడ్డ పడుకోదు. పుట్టిన కొత్తలో ముప్పావు గంట నుంచి గంట, మూడు నాలుగు నెలలకి గంటంబావు నుంచి రెండు గంటలు, ఆరు నెలలకి రెండు, రెండున్నర, ఏడాది దగ్గరికి వచ్చేసరికి మూడు నుంచి నాలుగు గంటలు. మా బాబుకి గంటన్నర అంటే గంటన్నరే. చుట్టాలున్నా సరే, నిమిషం దాటనివ్వలేదు.

డాలస్ కోడలు:
ఆ అంకెలు ఎవరు పెట్టారో ఎప్పుడైనా చూశారా? అవి నిద్ర సలహాదారులు తమ అనుభవంతో వేసుకున్న లెక్కలు. 2016లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెప్పింది మొత్తం నిద్ర గురించి: నాలుగు నెలల నుంచి ఏడాది వరకు పగటి కునుకులతో కలిపి రోజుకి 12 నుంచి 16 గంటలు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చినవీ దాదాపు అవే గంటలు. ఒక్కో మెలకువ ఎన్ని నిమిషాలుండాలో ఇద్దరూ చెప్పలేదు. ఫోన్ పక్కన పెట్టి పాపని చూసుకోండి, చాలు.

పాత కాలం అమ్మమ్మ:
మేం నలుగుర్ని పెంచాం, ఏ చార్టూ లేదు. సాయంత్రం పడుకోనివ్వకండమ్మా, రాత్రి జాగారం చేయిస్తుంది. బాగా ఆడించి అలిసిపోయాక నలుగు పెట్టి నీళ్ళు పోస్తే తెల్లారేదాకా కదలదు. ఆ సంధ్యవేళ ఏడుపు దిష్టి కూడా అయ్యుంటుంది, ఓసారి ఉప్పు తిప్పి పోయండి.

ఖమ్మం నర్సమ్మ:
అందరూ ఒక్క నిమిషం ఆగండి. తల్లీ, ఒక్క రోజు లెక్క రాసి పెట్టు. కళ్ళు తెరిచిన టైము, నిద్ర పట్టిన టైము, పట్టడానికి ఎంతసేపు పట్టింది, లేచినప్పుడు నవ్విందా ఏడ్చిందా. అంతే. అది చూడకుండా నేను గడియారం అన్నా, మొహం అన్నా గుడ్డి మాటే. పిల్లల వార్డులో చాలా ఏళ్ళు చేసిన.

సత్తెనపల్లి కోడలు:
నిన్నటిది రాశాను. పొద్దున 6.40కి లేచింది. 8.10కి పడుకుని 8.45కి లేచింది. తర్వాత 10.20 నుంచి 10.55 దాకా, 12.30 నుంచి 1.40 దాకా. ఈ మూడుసార్లూ పది నిమిషాల్లోపే నిద్ర పట్టింది. తర్వాత మా ఆయన లెక్క ప్రకారం 3.10కి ఉయ్యాల్లో వేస్తే పాతిక నిమిషాలు కాళ్ళు పట్టుకుని ఆడుకుంది. 3.35 నుంచి 4.05 దాకా పడుకుని నవ్వుతూ లేచింది. ఆ తర్వాత పక్కింటివాళ్ళు వచ్చారు, టీవీ నడుస్తోంది, పాప ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి. 6.30కి ఏడుపు మొదలు. 7.50కి ఎత్తుకుని తిప్పుతుంటే రెండు నిమిషాల్లో పడిపోయింది. 8.30కి లేచి మళ్ళీ అరుపులు. రాత్రి రెండుసార్లు పాలకి లేచింది.

ఖమ్మం నర్సమ్మ:
చూడు, మీ ఇంట్లో ఇద్దరి మాటా సగం సగం నిజమే.

నీ లెక్కలో రెండు చోట్లు చూడు. మొదటిది 3.10. అంతకుముందు పాప గంటా పది నిమిషాలు పడుకుంది. కునుకు పెద్దదైతే తర్వాతి మెలకువ కూడా కొంచెం సాగుతుంది, ఎందుకంటే మెలకువగా ఉన్నకొద్దీ పేరుకునే నిద్ర భారం పెద్ద కునుకులో ఎక్కువ దిగిపోతుంది. అందుకే గంటన్నరకి వేస్తే ఆడుకుంది. ఏడవకుండా పాతిక నిమిషాలు ఆడుకోవడం, అరగంటకే లేచినా నవ్వుతూ లేవడం, రెండూ ఇంకా నిద్ర రాలేదనడానికే గుర్తు. అక్కడ మీ ఆయన తొందరపడ్డాడు. మరో ఇరవై నిమిషాలు ఆగాల్సింది. అదే 35 నిమిషాల కునుకు తర్వాతయితే గంటన్నర సరిగ్గా సరిపోయింది, అవునా?

రెండోది 4.05 నుంచి 7.50 దాకా. పావు తక్కువ నాలుగు గంటలు, అంటే మూడు గంటల నలభై ఐదు నిమిషాలు. నాలుగు నెలల బిడ్డకి రెండు గంటలు దాటితేనే కష్టం. రెండు నిమిషాల్లో పడిపోయి నలభై నిమిషాలకి ఏడుస్తూ లేవడం వేళ దాటిన నిద్ర లక్షణం. ఈ వయసులో ఒక నిద్ర చుట్టు దాదాపు అంతసేపే, అక్కడ పలచబడ్డప్పుడు అలిసిన బిడ్డ మళ్ళీ సర్దుకోలేదు. పగలు అరగంట, ముప్పావు గంటకి లేవడం మాత్రం ఐదు నెలల లోపు మామూలే, దాని గురించి దిగులు పడకు.

పొద్దున మళ్ళీ అదే వేళకి లేస్తుందనుకుని, రాత్రి ఏడుపుకి, పాలకి ఓ గంట తీసేసినా మొత్తం కలిపితే దాదాపు పన్నెండు ముప్పావు గంటలు పడుకుంటోంది. నిద్ర తక్కువేం కాలేదు, సాయంత్రం ఒక కునుకు తప్పింది అంతే. 5.30 ప్రాంతంలో భుజం మీద వేసుకుని ఇరవై, ముప్పై నిమిషాలు పడుకోనివ్వు, ఆరుంబావుకల్లా లేపెయ్. రాత్రి నిద్ర ఏడున్నర, ఎనిమిది మధ్య.

చార్టు నాన్న:
అంటే గడియారమేగా గెలిచింది?

ఖమ్మం నర్సమ్మ:
సాయంత్రం పూట గడియారం, పొద్దున పూట మొహం. ఎందుకో చెప్తా. పొద్దున ఇల్లు నెమ్మదిగా ఉంటది, బిడ్డ గుర్తులు తేటగా చూపిస్తది. సాయంత్రం టీవీ, జనం, లైట్లు. బిడ్డ కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తనే ఉంటది, మనం హుషారుగా ఉందనుకుంటం. అప్పుడు గంటా ఇరవై నిమిషాలు కాగానే నువ్వే చీకటి గదిలోకి తీసుకెళ్ళి చూడాలి. రెండు నిమిషాల్లో అసలు మొహం బయటపడుతుంది.

ఏం చూడాలంటే, ఆవులింత కంటే ముందొచ్చేవి. చేతులు కాళ్ళు ఆడించడం తగ్గుతుంది. నువ్వు పలకరిస్తే నవ్వాల్సింది, మొహం పక్కకి తిప్పుకుంటుంది. కంటిచూపు ఒకచోట, ఫ్యాన్ మీదో గోడ మీదో నిలిచిపోతుంది. ఇంగ్లీషు చార్టుల్లో కనుబొమల దగ్గర ఎర్రబడుతుందని రాస్తారు, మన చామనఛాయ పిల్లల్లో అది అంత కనిపించదు, దాని కోసం వెతక్కు. ఆవులింత, కళ్ళు నులుముకోవడం తర్వాతి మెట్టు. అప్పుడింకా వేళ ఉంది, పది నిమిషాల్లో పడుకోబెడితే చాలు. వెనక్కి విల్లులా వంగడం, పిడికిళ్ళు బిగించడం, ఎత్తుకున్నా దింపినా ఏడవడం వచ్చాయంటే వేళ దాటింది.

పిడికిలి నోట్లో పెట్టుకుంటే నిద్రే అనుకోకు, ఆకలి కూడా కావచ్చు. చివరిసారి పాలు ఎప్పుడు తాగిందో చూసుకో. చెవి లాక్కోవడం నిద్రకైనా చేస్తారు, కానీ జ్వరం కూడా ఉంటేనో, పాలు వద్దంటేనో డాక్టరుకి చూపించు.

డాలస్ కోడలు:
కార్టిసాల్ మాట మీద నాకు అభ్యంతరం ఉంది. అలిసిన శిశువుకి అదే నిద్ర పట్టనివ్వదని అందరూ ఖాయంగా చెప్తారు, దానికి అంత గట్టి ఆధారం నేను చూడలేదు.

ఖమ్మం నర్సమ్మ:
నిజమే, నేనూ ఆ మాట వాడను. వార్డులో మేం చూసింది ఏడుపు, హార్మోను కాదు.

ఇద్దరు పిల్లల తల్లి:
మా వాడికీ ఇదే బాధండీ! ఏడాదిన్నర. మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నర దాకా పడుకుని రాత్రి పదకొండు దాటినా గెంతుతూనే ఉంటాడు. నేను కూడా సాయంత్రం ఇంకో కునుకు పెట్టించనా?

ఖమ్మం నర్సమ్మ:
అయ్యో, వద్దమ్మా! నీది తలకిందులు కేసు. ఆ వయసులో పగలు ఒక్క కునుకే, దాని తర్వాత రాత్రి నిద్రకి అయిదు గంటలైనా ఎడం కావాలి. పన్నెండున్నర, ఒంటిగంటకి జరుపు. ఇక్కడ రాసింది నాలుగు నెలల పాప కోసం.

పాత కాలం అమ్మమ్మ:
నేను చెప్పింది ఈ పెద్ద పిల్లలకి అయితే తప్పు కాదుగా.

ఖమ్మం నర్సమ్మ:
వాళ్ళకి కొంత నడుస్తది పెద్దమ్మా. నాలుగు నెలల పిల్లకి నడవదు.

సత్తెనపల్లి కోడలు:
ఆరు రోజుల తర్వాత రాస్తున్నా. 5.30 కునుకు ఉయ్యాల్లో అసలు పట్టలేదు, మా నాన్న భుజం మీద వేసుకుని డాబా ఎక్కి తిప్పితే పట్టింది. నాలుగు సాయంత్రాలు ఏడుపు పది నిమిషాలకి మించలేదు. మూడో రోజు పెళ్ళికి వెళ్ళి కునుకు తప్పింది, ఆ రాత్రి మళ్ళీ పాత కథే. అయిదో రోజు కునుకు పట్టినా ఎందుకో ఏడ్చింది, అర్థం కాలేదు. 8.30కి లేవడం రెండు రోజులు మాత్రం ఉంది. ఇంకో మాట, అమ్మ దిష్టి తీసేటప్పుడు అందర్నీ లోపలికి పంపి, లైటు ఆర్పి పాపతో నన్ను గుమ్మంలో కూర్చోబెడుతుంది. పాప అప్పుడే చల్లబడుతుందని గమనించాను. ఉప్పు వల్లో చీకటి వల్లో!

డాలస్ కోడలు:
సంతోషం. కానీ సాయంత్రం ఏడుపు ఆరో వారానికి పెరిగి, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. మీ పాప వయసు కూడా అదే. కునుకు వల్లే తగ్గిందని ఎలా చెప్తారు?

ఖమ్మం నర్సమ్మ:
ఖాయంగా చెప్పలేను. పెళ్ళికి వెళ్ళిన రోజు ఏడుపు తిరిగి వచ్చిందని ఉంది, కానీ పెళ్ళింట్లో కునుకు ఒక్కటే కాదు, గోల కూడా ఉంటది. కోడలా, ఇంకో రెండు నెలలకి ఆ కునుకు తనే మానేస్తుంది, అప్పుడు బలవంతం చెయ్యకు. భుజం మీద పడుకున్నప్పుడు నాన్నగారు కూర్చుని కునుకు తీయకుండా చూడు, పాపని దింపితే చదునైన పక్క మీద వెల్లకిలా.

చార్టు నాన్న:
ఆరు నెలలకి ఆ కునుకు మానేస్తుందా? మా బాబు ఎనిమిది నెలల దాకా మానలేదు.

సత్తెనపల్లి కోడలు:
ఈ తగవు మీరు తేల్చుకోండి. ఇక్కడ ఫ్యాన్ వైపు చూపు నిలిచింది, 5.25 అయింది. నాన్నని పిలుస్తున్నా.