పిల్లల లెక్కల యాప్: తల్లిదండ్రుల సమ్మతికి ఓటీపీ చాలా?

కాజీపేట జంక్షన్:
6 నుంచి 10వ తరగతి పిల్లలకు లెక్కల యాప్ చేస్తున్నం. ముందుగాల హన్మకొండ, పరకాల దిక్కు బడులల్ల పెడ్తం. అమ్మానాన్నల సమ్మతికి వాళ్ల నంబరుకు ఓటీపీ పంపితే సరిపోతదా? పిల్లల వాడకం ఎంతవరకు రికార్డు చేయొచ్చు?

నర్సంపేట మిర్చి:
చాలు తమ్మీ. నంబరు అడుగు, ఓటీపీ పంపు, "నేను ఈ పిల్లల తల్లిని/తండ్రిని" అని ఒక గడి టిక్ పెట్టించు, అయిపాయె. మార్కెట్ల అందరు చేసేది ఇదే. డేటా రక్షణ నియమాలు 2025 నవంబరుల వచ్చినయి గని, పిల్లల సమ్మతి ముచ్చట 18 నెలలకు, అంటే 2027 మేల అమలైతది. ఇప్పుడే భయపడి ఫ్లో పొడుగు చేసుకుంటే సగం మంది నడుమలనే దిగిపోతరు.

రామప్ప రాయి:
మిర్చి అన్నా, తేదీ సరే. కానీ ఆ ఓటీపీ ఎవరి చేతిలోకి వస్తుందో చూడండి. మన దగ్గర చాలా ఇళ్లల్లో ఉన్నది ఒకటే స్మార్ట్ ఫోను. సాయంత్రం అది ఏడో తరగతి పిల్లవాడి చేతిలోనే ఉంటుంది. యాప్ తెరిచేది వాడే, నంబరు కొట్టేది వాడే, మెసేజ్ వచ్చేది అదే ఫోన్‌కి. చాలా యాప్‌లు ఆ ఆరు అంకెలు వాటంతట అవే చదివేసుకుంటాయి కూడా. ఆ సిమ్ ఆ ఫోన్‌లో ఉందన్నదొక్కటే దానితో తేలేది.

మీ యాప్‌లో ఇది జరుగుతోందో లేదో కనుక్కోవడం కష్టం కాదు. ఖాతా మొదలైన క్షణానికీ సమ్మతి వచ్చిన క్షణానికీ ఎంత తేడా ఉందో చూడండి. నోటీసు ఒక నిండు పేజీ ఉండి, సమ్మతి పది సెకన్లలో వస్తుంటే అక్కడ పెద్దవాళ్లెవరూ చదవలేదనే లెక్క.

నర్సంపేట మిర్చి:
రూలు సరిగ చదువుర్రి. సమ్మతి ఇచ్చేటోళ్లు పెద్దోళ్లా కాదా, గుర్తుపట్టగలిగేటోళ్లా కాదా అనే చూడమన్నది. కన్నోళ్లే అని బంధుత్వం రుజువు చెయ్యమని యాడ ఉన్నది?

రామప్ప రాయి:
అది మీరన్నట్టే ఉంది, ఒప్పుకుంటా. అయితే పెద్దవాళ్లు అన్న ఆ ఒక్క మాటైనా ఓటీపీ తేల్చదు కదా. నియమం చూపించిన దారులు రెండు. ఒకటి, ఆ మనిషి గుర్తింపు, వయసు వివరాలు నమ్మదగినవి మీ దగ్గర ముందే ఉండాలి. రెండోది, వాళ్లంతట వాళ్లిచ్చే వివరాలు, లేదా డిజిలాకర్ లాంటి చోటు నుంచి వచ్చే టోకెన్. ఉత్త ఫోన్ నంబరు ఈ రెంటిలో దేని కిందికీ రాదు.

భద్రకాళి బండ్:
డిజిలాకర్ అంటే మా అమ్మ ఫోన్ పక్కన పెట్టేస్తది 😄

రామప్ప రాయి:
నిజమే, అందుకే మొదటి దారి నయం. కొత్త యాప్ దగ్గర ఆ వివరాలు ఉండవు, బడి దగ్గర ఉంటాయి. అడ్మిషన్ రిజిస్టరులో తల్లీ తండ్రీ పేర్లుంటాయి, వాళ్ల ముఖాలు క్లాస్ టీచరుకు తెలుసు. సమ్మతి తీసుకునే బాధ్యత బడిది, మీరు బడి తరఫున పనిచేసేవాళ్లు, అని ఒప్పందం రాసుకోండి. తల్లిదండ్రుల మీటింగ్ రోజున నోటీసు తెలుగులో చదివి వినిపించాలి. రిజిస్టరులో ఎవరు, పిల్లవాడికి ఏమవుతారు, సంతకం, తేదీ రాయించాలి. అప్పుడు ఎనిమిది అంకెల కోడ్ ఉన్న చీటీ చేతికివ్వాలి. ఖాతా తెరవడానికి ఆ కోడ్ వారం రోజులే పనిచెయ్యాలి. పిల్లవాడి బ్యాగులో పెట్టి పంపితే మళ్లీ ఓటీపీ కథే. మీటింగుకు రానివాళ్ల పిల్లలకు ఖాతా తెరవకండి, వాళ్లకు అవే లెక్కలు కాగితం మీద ఇవ్వండి.

ఏకశిల అమ్మ:
అసలు ఏ యాప్‌కూ నంబర్ ఇవ్వొద్దు అంటాను. మా పాప తొమ్మిదిలో ఉన్నప్పుడు స్కాలర్‌షిప్ పరీక్ష అని బడిలోనే ఫారం నింపించారు. వారం తిరగకముందే జూనియర్ కాలేజీల ఫోన్లు, రోజుకు రెండు మూడు. "మీ పాప టెన్త్ తర్వాత ఎటు?" అంటూ. ఎవరిచ్చారంటే చెప్పరు.

నర్సంపేట మిర్చి:
అక్కా, ఇక్కడ ముచ్చట ఓటీపీది. ఫోన్ కాల్స్‌ది కాదు.

ఏకశిల అమ్మ:
నాది అదే ముచ్చట తమ్ముడూ. ఆ రాయి గారు చెప్పే చీటీ ఇచ్చేదీ బడే, మా నంబరు అమ్మిందీ బడే. కాగితం మీద సంతకం పెడితే నమ్మకం వచ్చేస్తుందా?

రామప్ప రాయి:
మేడం అడిగింది న్యాయం. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఏంటంటే, యాప్ కంపెనీకి మీ నంబరుతో పనే లేదు. కోడ్ కొడితే ఖాతా తెరుచుకుంటుంది. కంపెనీ దగ్గర ఉండేది k7f2 లాంటి ఒక గుర్తు మాత్రమే. ఆ గుర్తు ఏ రోల్ నంబరుదన్నది బడి బీరువాలోని రిజిస్టరులో ఉంటుంది. కంపెనీ అమ్మాలన్నా దాని దగ్గర నంబరే ఉండదు. ఆ రిజిస్టరును బడి ఏం చేస్తుందంటే, దానికి బడే జవాబు చెప్పాలి. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు.

సమ్మతి వెనక్కి తీసుకోవడం కూడా అదే కోడ్‌తో యాప్‌లోనే అయిపోవాలి. ఇచ్చేటప్పుడు ఒక్క నొక్కు, ఆపాలంటే మాత్రం ఈమెయిలు రాయమంటే చట్టం ఒప్పుకోదు. ఇవ్వడం ఎంత తేలికో తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలని అందులోనే ఉంది.

కాజీపేట జంక్షన్:
మంచిది అన్నా. మరి రికార్డు సంగతి? మాకు యాడ్స్ లేవు. కాబట్టి ట్రాకింగ్ లేదనుకోవచ్చా?

రామప్ప రాయి:
అనుకోకండి. రిలీజ్ ఫైలు మీద ఇది కొట్టి చూడండి.

```
aapt dump permissions app-release.apk
```

అందులో `com.google.android.gms.permission.AD_ID` కనబడితే, ప్రకటనల కోసం ఫోనుకిచ్చే గుర్తును చదివే అనుమతి మీ యాప్‌కి ఉన్నట్టే. మీరు రాసి ఉండరు. అనలిటిక్స్ లైబ్రరీ తనతోపాటు తెచ్చి, బిల్డ్ అయ్యేటప్పుడు కలిపేస్తుంది. మీ మానిఫెస్ట్‌లో ఇలా తీసేయాలి, పైన manifest ట్యాగులో `xmlns:tools="http://schemas.android.com/tools"` లేకపోతే అదీ చేర్చండి:

```xml
<uses-permission
  android:name="com.google.android.gms.permission.AD_ID"
  tools:node="remove" />
```

పిల్లల దగ్గర నుంచి ఆ గుర్తు పంపకూడదని ప్లే స్టోర్ ఫ్యామిలీస్ పాలసీ కూడా అంటుంది. అయితే ఆ వరుస తీసేసినంత మాత్రాన అనలిటిక్స్ ఆగదు, తన సొంత గుర్తు పెట్టుకుంటుంది. లెక్కల యాప్‌కి దాని అవసరం ఏముందో నాకైతే కనబడదు.

నర్సంపేట మిర్చి:
అనలిటిక్స్ లేకపోతే పిల్లగాడు ఏ స్క్రీన్ కాడ ఆగిండో ఎట్ల తెలుస్తది? యాప్ ఎట్ల బాగుపడ్తది?

రామప్ప రాయి:
జవాబుల నుంచే తెలుస్తుంది. సర్వర్‌కి పోయే వరుస ఇంతే చాలు:

```json
{"pid":"k7f2","chapter":"8-linear-eq","q":14,
 "correct":false,"tries":2,"week":"2026-W28"}
```

పద్నాలుగో లెక్కను క్లాసులో సగం మంది రెండుసార్లు తప్పు చేశారంటే, ఆ లెక్కో దాని ముందు పాఠమో బాగా లేదని అర్థం. గంటా నిమిషం అక్కర్లేదు. తప్పు చేసిన లెక్కను మళ్లీ ఎప్పుడు అడగాలో తేల్చడానికి టైము కావాలంటే, అది ఫోన్‌లోనే ఉండనివ్వండి.

ఇంత చేసినా ఒకచోట జారిపోతుంటారు. జవాబును `/api/answer?pid=k7f2` అని అడ్రసులోనే పెట్టి పంపుతారు. అప్పుడు సర్వర్ లాగ్‌లో ఐపీ, సెకనుతో సహా టైము, పక్కనే pid పడిపోతాయి. డేటాబేసులో దాచనిదంతా లాగ్‌లో కూర్చుంటుంది. పైగా భద్రత కోసం ఆ లాగ్ ఏడాది పాటు ఉంచాలని నియమాల్లోనే ఉంది, చెరిపేయలేరు. కాబట్టి pidని రిక్వెస్ట్ బాడీలో పంపండి. జవాబులన్నీ ఫోన్‌లో పోగేసి రోజుకోసారి ఒక్క కట్టగా పంపితే, పంపిన టైము చూసి పిల్లవాడు ఎప్పుడు చదివాడో చెప్పలేరు. నెట్ సరిగా అందని ఊళ్లకూ అదే అనుకూలం.

లెక్కల సారు:
ఇంతసేపు చదివిన. మీరంతా ఒక మాట మర్చిపోయిండ్రు. నియమాలల్ల నాలుగో షెడ్యూల్ చూడుర్రి, విద్యాసంస్థలకు మినహాయింపు ఉన్నది. సమ్మతీ అక్కర్లేదు, ట్రాకింగ్ మీద నిషేధం కూడ లేదు. బడి ద్వారా పెడ్తే ఈ చీటీలు, కోడ్‌ల తిప్పలు దేనికి?

రామప్ప రాయి:
మినహాయింపు ఉంది సార్, కానీ షరతుతో ఉంది. ఆ బడి చదువు పనులకు, లేదా ఆ బడి పిల్లల భద్రతకు చేసే ట్రాకింగ్ వరకే. యాప్ కంపెనీ విద్యాసంస్థ కాదు. బడి చెప్పిన పని చేసినంతసేపు బడి నీడలో ఉంటుందని వాదించొచ్చు. అదే డేటాతో తన ఇంకో కోర్సు అమ్ముకున్నా, బడితో సంబంధం లేకుండా నేరుగా ఇంటికి అమ్మినా ఆ నీడ లేదు. పిల్లల విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల దాకా ఉంది. కొత్త కంపెనీ ఆ వాదన మీద నిలబడటం నేనైతే ఒప్పుకోను.

లెక్కల సారు:
నీ ఒప్పుకోలు ఎవలికి కావాలె? క్లాసుల కూసొని చూడు తెలుస్తది. ఒక్కొక్క సెక్షన్‌ల నలభై మంది, ముందట టెన్త్ పరీక్షలు. ఎవడు రాత్రి యాప్ తెరిచిండు, ఎవడు తెరువలే, ఎన్ని నిమిషాలు కూసున్నడు, గది నాకు కావాలె. మీరు గంట, నిమిషం తీసేస్తమంటున్నరు. ఇగ నాకీ యాప్ దేనికి?

రామప్ప రాయి:
ఇప్పుడు అసలు మాట వచ్చింది. మీకు కావలసింది పిల్లవాడికి ఏం రాలేదన్నది కాదు, ఇంట్లో ఏం చేస్తున్నాడన్నది. యాప్ తెరిచి పక్కన పెట్టినా నలభై నిమిషాలు పడతాయి సార్. తమ్ముడు ఆడుకున్నా పడతాయి. వారం రిపోర్టులో ఎవరికి ఏ లెక్క రాలేదో, ఎవరు అసలు ఒక్కటీ చెయ్యలేదో రెండూ వస్తాయి. మర్నాడు బోర్డు మీద ఏం చెప్పాలో దాంతో తెలుస్తుంది.

లెక్కల సారు:
వారం అయినంక తెలిస్తే లాభం ఏంది? పరీక్షల నెలల రోజుకో పేపరు పెడ్తం.

ఏకశిల అమ్మ:
సారూ, రాత్రి పదింటికి నా బిడ్డ ఫోన్ పట్టుకుందో లేదో మీకు తెలిసేముందు నాకు తెలియాలి. పొద్దున క్లాసులో నిలబెట్టి అడిగేది దాన్నే కదా. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో మీకేం తెలుసు?

లెక్కల సారు:
నిలబెడ్తం అని ఎవరన్నరమ్మా?

ఏకశిల అమ్మ:
అనక్కర్లేదు.

భద్రకాళి బండ్:
🍿

నర్సంపేట మిర్చి:
సారు చెప్పిన వారం పాయింటు కరెక్టే. వారం కాకుంట రోజు అని పెట్టొచ్చు గదా?

రామప్ప రాయి:
పరీక్షల నెల వరకు రోజు అని పెట్టొచ్చు, నాకు అభ్యంతరం లేదు. దానికి నోటీసులో వేరే గడి ఉండాలి, అది నింపకపోయినా యాప్ పనిచెయ్యాలి. ఒక సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి. k7f2 అని రాసినంత మాత్రాన పిల్లవాడు కనబడకుండా పోడు. నలభై మంది క్లాసులో బీజగణితం మొత్తం తప్పు చేసి, జ్యామితి అంతా కరెక్టు చేసినవాడెవడో సారుకి రిజిస్టరు తెరవకుండానే తెలుస్తుంది. అందుకే పదో తరగతి అయ్యాక బడి ఆ రిజిస్టరు పేజీని, కంపెనీ ఆ pid వరుసలను ఏ తేదీలోపు చెరపాలో ఒప్పందంలో రాసుకోవాలి.

కాజీపేట జంక్షన్:
సరే. చీటీ పద్ధతే పెడ్తం, గంట, నిమిషం తీసేస్తం, రోజుదానికి వేరే గడి. సారుతోని ఇంకో మాట మాట్లాడ్త. ఒక్క డౌటు మిగిలింది. జగిత్యాల దిక్కు కూడ పోవాలని ఉన్నది. ఆడ కొన్ని ఇండ్లల్ల తండ్రి దుబాయ్‌ల, తల్లి లేదు, మీటింగుకు వచ్చేది నాయనమ్మ. ఆమె సంతకం చెల్లుతదా?

రామప్ప రాయి:
తండ్రి ఉండగా నాయనమ్మ చట్టప్రకారం సంరక్షకురాలు కాదు. తండ్రే డిజిలాకర్‌తో ఇవ్వొచ్చు, కానీ ఆధార్‌కి ముడిపడ్డ ఇక్కడి సిమ్ అక్కడ పనిచేస్తుంటేనే ఆ ఓటీపీ వస్తుంది. లేదంటే టీచరు రిజిస్టరులో ఉన్న తండ్రి నంబరుకు వీడియో కాల్ చేసి, నాయనమ్మ ముందే అడిగి రాసుకోవాలి. అది చెల్లుతుందని నేను గట్టిగా చెప్పలేను.

నర్సంపేట మిర్చి:
చూసిన్రా, చివరికి ఓటీపీ కాడికే వచ్చిన్రు.

రామప్ప రాయి:
అన్నా, ఆ ఓటీపీ డిజిలాకర్ అడిగేది. మీ యాప్ అడిగేది కాదు.