అప్‌డేట్: ఫార్మకాలజీ పేపర్ రీవాల్యుయేషన్ లేఖ

నా ప్రశ్న: “ఫార్మకాలజీ మొదటి పేపర్‌లో 37 మార్కులే వచ్చాయి. రీవాల్యుయేషన్ కోసం లేఖ ఎలా రాయాలి?”

మొదటి లేఖ తిరిగొచ్చింది. మా యూనివర్సిటీలో రీటోటలింగ్ మాత్రమే ఉందట. అంటే జవాబులు మళ్ళీ దిద్దరు. కూడికలో తప్పుందా, ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేశారా అని చూస్తారు. గడువు దాటకుండా దానికి ఫీజు కట్టేసి, సమాచార హక్కు చట్టం కింద జవాబు పత్రం నకలు కూడా అడిగాను. విద్యార్థికి ఆ హక్కు ఉందని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

నకలు చూస్తే గుండె ఝల్లుమంది. చివరి పేజీలో రాసిన డిజాక్సిన్ జవాబు పక్కన ఎర్ర గీత కూడా లేదు! రెండో లేఖలో “బాగా రాశాను” అన్న మాటలన్నీ తీసేశాను. హాల్ టికెట్ నంబరు, ప్రశ్న నంబరు, పేజీ నంబరు రాసి, ఆ పేజీ జతచేసి, ప్రిన్సిపాల్ గారి సంతకంతో పంపాను. 4 మార్కులు కలిశాయి. ఇప్పుడు 41.