హెడ్ లెక్క బోరు అడుగు నుంచా, పంపు నుంచా, నీటిమట్టం నుంచా?

కొత్తబోరు: బోరు లోతు 210 మీటర్లు. పంపు ఆపి ఉంచితే నీళ్లు 60 మీటర్ల దగ్గర ఉంటున్నాయి. టెస్ట్ పంపుతో నిమిషానికి 90 లీటర్లు తోడితే 95కి దిగి అక్కడ నిలిచాయి. పంపు 120లో దింపుదామని అనుకుంటున్నా. ట్యాంకు 12 మీటర్ల ఎత్తులో, బోరుకు 50 మీటర్ల దూరంలో ఉంది. మెకానిక్ మాత్రం 210 మీటర్ల ఎత్తుకు తోసే, అంటే 210 హెడ్ పంపే కావాలంటున్నాడు. హెడ్ ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

పాతమోటారు: 210 మరీ ఎక్కువ. కానీ పంపు 120లో కూర్చుంటే నీళ్లు అక్కడి నుంచే కదా పైకి రావాలి! 120కి ట్యాంకు 12 కలిపి, రాపిడికి పదో వంతు వేసుకోండి. 145 హెడ్ తీసుకుంటే గొడవ ఉండదు.

నీటిలెక్క: రాపిడిని మరిచిపోకపోవడం బాగుంది కానీ, మొదలుపెట్టిన చోటే తేడా. పంపు 120లో ఉన్నా దాని మీద 25 మీటర్ల నీళ్లు బోరులో నిలబడే ఉంటాయి. ఆ నీళ్ల బరువే పంపులోకి తోస్తుంది, కాబట్టి పంపు ఎత్తాల్సింది 95 నుంచే. 150లో దింపినా అంతే, అదనపు పైపులో రాపిడి కాస్త పెరుగుతుంది.

95 అంటే 60 నిలకడ మట్టం, తోడేటప్పుడు దిగే 35 డ్రాడౌన్. దానికి ట్యాంకు 12 కలిపితే 107. ఇక పైపు. నిలువు, అడ్డం, ట్యాంకు మీదికి కలిపి 182 మీటర్లు. లోపలి వ్యాసం 40 మి.మీ. ఉంటే ఈ ధారకు 100 మీటర్లకు 4 మీటర్ల పైచిలుకు పోతుంది. వంపులు, వాల్వులతో మొత్తం 9 అనుకుంటే హెడ్ 116. అదే 32 మి.మీ. పైపు వేస్తే రాపిడి ఒక్కటే 25 దాకా వెళ్లి హెడ్ 132 అవుతుంది. పంపు సామర్థ్యం సగం అనుకుంటే మొదటి దానికి 5 హెచ్‌పీ సరిపోతుంది, రెండో దానికి చాలదు. అందుకే పదో వంతు అని గుడ్డిగా వేయొద్దు, పైపు సైజు చూసి వేయాలి.

ఇక 210 హెడ్ పంపు సంగతి. ఎదురుగా అంత హెడ్ లేదు కాబట్టి అది 90 లీటర్ల దగ్గర ఆగదు. 150 లాగిందనుకోండి, ఇదే పాళ్లలో డ్రాడౌన్ 58 అవుతుంది, మట్టం 118కి దిగుతుంది. అంటే పంపు నెత్తి మీదికి! అప్పటికి రాపిడి పెరిగినా పంపుకు ఇంకా హెడ్ మిగిలే ఉంటుంది, కాబట్టి గాలి పీల్చేదాకా లాగుతుంది.

డ్రిప్‌తోట: నాదీ ఇదే బాధ. ట్యాంకు లేదు, నేరుగా డ్రిప్‌కే. పంపు వేయగానే నిండుగా పోస్తుంది, అరగంటకి గ్యాప్ ఇస్తుంది. ఇంకా పెద్ద మోటారు వేయాలా?

నీటిలెక్క: అస్సలు వద్దు, ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. గ్యాప్ ఇచ్చేటప్పుడు ఆమ్మీటరు చూడండి. ముల్లు పడిపోతూ లేస్తూ ఊగితే బోరులో నీళ్లు చాలడం లేదు. మొదటి నుంచీ సన్నగా, ముల్లు కదలకుండా పోస్తే అప్పుడు హెడ్ చాలలేదనో, కాలమ్ పైపు కారుతోందనో చూడాలి. డ్రిప్ గురించి ఇంకొకటి: చేలో ఒక కిలో ప్రెషర్ కావాలంటే ఆ 10 మీటర్లు కూడా హెడ్‌లో కలపాలి. ఫిల్టర్ దగ్గర పోయేది వేరే.

పాతమోటారు: కొలిచింది నీళ్లున్న కాలంలో కదా. ఎండాకాలం ఆ 60 కాస్తా 75 అవుతుంది. అప్పుడు మీ 116 పంపు ట్యాంకు దాకా సరిగ్గా ఎక్కించదు, మళ్లీ పంపు పైకి తీయాలి. నా 145 అప్పుడు గుర్తొస్తుంది.

నీటిలెక్క: ఈ మాట నిజం. అదే డ్రాడౌన్ అనుకుంటే 75కి 131 వస్తుంది. 90 లీటర్ల దగ్గర 131 హెడ్ ఇచ్చే పంపు తీసుకుని, నీళ్లున్నన్నాళ్లూ గేట్ వాల్వ్ కొంచెం బిగించి ధారను 90కి ఆపొచ్చు. బకెట్, గడియారం ఉంటే సరిచూసుకోవచ్చు.

పాతమోటారు: వాల్వ్ బిగిస్తే కరెంటు వృథా. పైగా వాల్వ్ అందుబాటులో ఉంటే ఎవడో ఒకడు పూర్తిగా తెరిచేస్తాడు. రెండు స్టేజీలు తక్కువ ఉండి హెడ్ కాస్త తగ్గే పంపు మేలు, ఎండాకాలం ధార కాస్త తగ్గితే తగ్గనీ.

నీటిలెక్క: నిన్న 145, ఇవాళ స్టేజీలు తక్కువా! కానీ తోసిపుచ్చలేను. మట్టం నీళ్లొచ్చే పగులు కిందికి జారితే డ్రాడౌన్ 35 దగ్గర ఆగదు, ఒక్కసారిగా కూలుతుంది. అప్పుడు హెడ్ ఎంత ఉన్నా లాభం లేదు.

కొత్తబోరు: 40 పైపు ఖాయం. 116కా, 131కా అనేదే తేలలేదు. పక్క బోరు వాళ్లను ఎండాకాలం మట్టం అడిగి చూస్తా.

పాతమోటారు: అడగండి, కానీ రాతి నేలలో పక్క బోరుది మీ పగులు కాకపోవచ్చు. పంపు దింపేటప్పుడే పక్కన సన్న పైపు ఒకటి దింపుకోండి, మీ మట్టం మీరే కొలుచుకోవచ్చు.